చింతిస్తున్నాం గారి కొత్త జవాబు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. కానీ ఆఫీసులో దాంతో ఎవరికీ పని పడలేదు. టీ తెచ్చే మనిషి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ ‘చింతిస్తున్నాం గారు’ అనే పిలిచేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆయన కూడా పలకడం మొదలుపెట్టాక ఇక గొడవే లేకపోయింది.

అది వినికిడి మిషన్లు తయారుచేసే కంపెనీ. కొన్నవాళ్లు ఏ కష్టమొచ్చి రాసినా జవాబులు పంపే గదిలో ముగ్గురుండేవారు. ముగ్గురిలో ఆయనే పెద్దతలకాయ. అంతకుముందు ఒక లాయరు దగ్గర నోటీసులు రాసిన చెయ్యి కదా, కంపెనీలో చేరగానే ఏ ఫిర్యాదుకు ఏ జవాబు పంపాలో నమూనాలన్నీ తనే తయారుచేశాడు. ఫిర్యాదు రావడం, మిగతా ఇద్దరిలో ఒకరు బటన్ నొక్కడం, జవాబు వెళ్లిపోవడం. ప్రతి జవాబులోనూ ‘మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము’ అని ఉండి తీరాలి. బ్యాటరీ అయిపోయిందన్నా చింతించేవాడు, డబ్బా రంగు నచ్చలేదన్నా చింతించేవాడు. మిషను బ్రహ్మాండంగా ఉందని రాసిన ఒక మహానుభావుడికి కూడా అలవాటు కొద్దీ చింతిస్తూనే జవాబు వెళ్లింది. ఆ పేరు ఆ రోజే ఖాయమైపోయింది.

ఇంట్లో ఆయన భార్య తక్కువ తిన్నదా? బజారు నుంచి ఏదైనా మర్చిపోయి వస్తే గుమ్మంలోనే చేతులు కట్టుకుని, “అసౌకర్యానికి చింతిస్తున్నారా? మిక్కిలి చింతిస్తున్నారా?” అని అడిగేది.

ఆయన నిజంగా చింతించే విషయం వేరే ఉంది. అది వాళ్ల అక్క సంగతి. తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. నాలుగు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది, కుట్టుపని చేసుకుని బతుకుతుంది, ఎవరి మాటా పడదు. కొన్నేళ్లుగా చెవులు మందగించాయి. తమ్ముడు తన కంపెనీ మిషనే, మంచి రకం చూసి, పట్టుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ కొన్నాళ్లు పెట్టుకుని తీసేసింది. అడిగితే “ఇప్పుడేం అవసరంరా” అని మాట దాటేసేది. ఆదివారం వెళ్లి పక్కన కూర్చుని అరుస్తూ మాట్లాడేవాడు. ఎదురింటివాళ్లు అక్కాతమ్ముళ్లకు ఆస్తి తగాదా ఉందనుకునేవారు. అరవలేక ఆయన, అర్థంకాక ఆవిడ, రాను రాను మాటలే తగ్గించేసుకున్నారు. ఈ వారం బాగున్నావా అంటే తల ఊపడం, టీ తాగడం, లేచి వచ్చేయడం. వయసు మీదపడి మొండికేసిందని ఆయన అందరితో చెప్పేవాడు. చెప్పి ఇంటికొచ్చాక మాత్రం ప్రాణం ఉసూరుమనేది. అక్క నోటి నుంచి నాలుగు మాటలు విని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

అలా ఉండగా ఆఫీసులోకి కొత్త ఇన్‌ఛార్జి వచ్చింది. ఆయన కూతురి వయసు ఉంటుంది. వచ్చిన వారానికే నమూనా జవాబులన్నీ ముందేసుకుని కూర్చుంది.

“సార్, వీటిని తిరగరాయాలి. మీరే రాయాలి.”

ఆయనకు ఎక్కడో కాలింది. “ఏం, వాటిల్లో తప్పులేమైనా ఉన్నాయామ్మా?”

“తప్పుల్లేవు సార్. జవాబూ లేదు. చూడండి, ఈయన మిషను ఈల వేస్తోందని రాశాడు. మనం ధన్యవాదాలు చెప్పాం, చింతించాం, ఫిర్యాదు నంబరిచ్చాం, వారంటీ షరతులు చెప్పాం. ఈల ఎలా ఆపాలో చెప్పలేదు. ఆయన మళ్లీ రాశాడు, మళ్లీ ఇదే వెళ్లింది. మూడోసారి ఇక రాయలేదు.”

“అంటే సమస్య తీరిందన్నమాట.”

“అని మనం ఫైలు మూసేశాం. సర్వీసువాళ్లు ఏడాది తనిఖీ కోసం వాకబు చేస్తే మిషను బీరువాలో ఉందట. ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు సార్. మనిషి మనిషికి చెప్పినట్టు రాయండి.”

మనిషి మనిషికి! ఇంతకాలం గేదెలకు రాశానా అని ఆయన లోపల కుతకుతలాడిపోయాడు. సరే కానీ, ఆపాటి చేతకాని వాడా? మర్నాటికి ఒకటి రాసి తెచ్చాడు. ‘ప్రియాతిప్రియమైన మా కుటుంబ సభ్యులారా! మీ మిషను ఈల వేయుచున్నదని తెలిసి మా హృదయములు కలచివేయబడినవి...’

ఇన్‌ఛార్జి నవ్వాపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. “సార్, ఈల వేసింది మిషను. మధ్యలో మన హృదయాలెందుకు కలచివేయబడాలి? తియ్యగా రాయమని కాదు నేనంటున్నది. ఆ మనిషి ఇప్పుడేం చెయ్యాలో మొదటి మాటలోనే చెప్పండి. రాసింది ఎవరికైనా చూపించండి. మీ ఎదురుగా కూర్చుని చదివి, ఏం చెయ్యాలో వాళ్లకు అర్థమైతే అదే ఖాయం చేద్దాం.”

ఎవరికి చూపించాలి? భార్యను అడిగితే “ఆఫీసు చెప్పులు బయట విడిచినట్టు ఆ భాష కూడా బయటే విడిచి రండి” అంది. ఆదివారం అక్క ఇంటికి వెళ్లినప్పుడు, ఆవిడకే చూపిస్తే పోలా అనిపించింది. ఆవిడకు చెవులు వినపడకపోయినా కళ్లు బాగానే ఉన్నాయి, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని మెసేజీలన్నీ చదువుతుంది. పాత జవాబు, కొత్త జవాబు పక్కపక్కన చూపిస్తే ఏది నయమో చెబుతుందిలే అనుకున్నాడు. పాతదే నయమంటుందని మనసులో ఆశ కూడా ఉంది.

అక్క కళ్లజోడు సవరించుకుని పాతది సగం చదివింది. చదివి ఫోను ఆయన చేతికి తిరిగిచ్చేసింది.

“ఇది నాకొచ్చిందేరా.”

“నీకా? ఎప్పుడు?” అని అరిచాడు.

“మిషను పెట్టుకున్న కొత్తల్లో. ఒకటే ఈల. బస్సులో నలుగురూ తిరిగి చూశారు, తల కొట్టేసినట్టయింది. నీకు చెబితే చిన్నబుచ్చుకుంటావు, ఎంతో ముచ్చటపడి తెచ్చావు కదా. అందుకని మీ కంపెనీకే రాశాను. ఎవరో పెద్ద ఆఫీసరులా ఉన్నాడు, భయమేసేట్టు రాశాడు. ఇంకేమైనా కావాలంటే ఫోన్ చెయ్యమన్నాడు. రెండు రోజుల్లో చెయ్యకపోతే ఫిర్యాదు లేనట్టేనట.” ఆవిడ నవ్వింది. “ఫోను వినపడితే నాకీ మిషనెందుకురా?”

చెవులు వినపడనివాళ్లను ఫోన్ చెయ్యమనే ఆ చివరి వాక్యం ఎన్ని వేలమందికి వెళ్లిందో! రాసినవాడికి తట్టలేదు, పంపినవాళ్లకు తట్టలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే లోకమంతా నవ్వుతుంది. ఈయన శంఖం ఊది, వినపడిందో లేదో మళ్లీ ఫోన్ చేసి చెప్పమన్నాడు.

“అది రాసింది నేనే అక్కా,” అన్నాడు. అరవకుండా మెల్లగా అన్నాడు. ఆవిడకు వినపడలేదు.

“ఆఁ?”

ఇది అరిచి చెప్పే మాట కాదు. ఫోను తీసుకుని రాయబోయాడు. చెయ్యి తన్నుకుంటూ ‘తెలియజేయునదేమనగా’ దగ్గరకు పోయింది. అది చెరిపేశాడు. ‘అక్కా, అది రాసింది నేనే. తప్పయింది. నీ మిషను సంగతి కనుక్కుని వస్తాను’ అని రాసి చూపించాడు. ఆవిడ చదివి, కాసేపు తమ్ముడి మొహం చూసి, నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. చిన్నప్పుడు వేసినట్టే వేసింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సోమవారం పొద్దున్నే సర్వీసు గదికి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. “బాబూ, అసలు ఇది ఈల ఎందుకేస్తుంది?” అని మెకానిక్‌ని అడిగాడు. మెకానిక్ ఒక మిషను చేతిలో పెట్టి విప్పి చెప్పాడు. మిషను పెద్దది చేసిన చప్పుడు చెవిలోనే ఉండాలి. దాని చివర ఉండే రబ్బరు బుడిపె సరిగ్గా కూర్చోకపోతే ఆ చప్పుడు సందులోంచి బయటికొచ్చి మళ్లీ మిషనులోకే దూరుతుంది, అదే ఈల. బుడిపె చిన్నదైనా అంతే, చెవిలో గులిమి అడ్డుపడినా అంతే.

విన్నది విన్నట్టు రాశాడు. ఇన్‌ఛార్జితో కూర్చుని మిగతావి తేల్చుకున్నాడు. చివర్లో ఫోను నంబరు తీసేశారు. అదే మెసేజీకి తిరిగి రాస్తే జవాబిచ్చిన మనిషికే చేరేలా ఏర్పాటు చేశారు. కస్టమరు బాగయిందని చెప్పేదాకా ఫైలు మూయకూడదన్నారు. పైన ఒక వరుస ఖాళీగా ఉంచారు. వచ్చిన ఫిర్యాదు చదివి, దాని గురించి సొంతంగా ఒక్క మాటైనా అందులో రాస్తే తప్ప జవాబు కదలదు.

“ఒక్కసారైనా చింతించనియ్యమ్మా,” అని బతిమాలాడాయన.

“తప్పు మనదైతే చింతిద్దాం సార్. ఒక్కసారే. ‘మిక్కిలి’ వద్దు.”

ఆదివారం అక్క బీరువాలోంచి మిషను తీసింది. బ్యాటరీ కొత్తది వేసుకుంది. ఆయన కొత్త జవాబు ఆవిడ ఫోనుకు పంపి ఎదురుగా కూర్చున్నాడు. సాయం చెయ్యకూడదు. ప్రతి కస్టమరు ఇంట్లోనూ తమ్ముడు ఉండడు కదా.

‘ఈల ఆపడం చాలాసార్లు మీ చేతిలో పనే. ఒక చేత్తో చెవిని పైకీ వెనక్కీ కొంచెం లాగి, రెండో చేత్తో రబ్బరు బుడిపెను మెల్లగా లోపలికి తొయ్యండి...’

చదివింది. చెవి లాగింది. బుడిపె పెట్టింది, చెవి అంచు దగ్గరే ఆపేసింది. మిషను కీచుమంది. ఆయన చెయ్యి ముందుకెళ్లబోయింది, మోకాలి కింద నొక్కిపెట్టుకున్నాడు.

“ఎంత దాకా తొయ్యాలో రాయలేదేంరా? లోపల ఏదైనా చెడితే?”

అక్కడే ఆవిడ ఆగిపోయిందన్నమాట. ఇన్నాళ్లూ ఆగింది మొండితనం వల్ల కాదు, భయం వల్ల. ఆయన మెకానిక్‌కి ఫోన్ చేసి అడిగి, అక్కడికక్కడే ఇంకో ముక్క చేర్చి పంపాడు. ‘మెత్తగా కూర్చున్నట్టు అనిపించేదాకా తొయ్యండి, చెవి పాడవదు. నొప్పి పుడితే మాత్రం ఆపి మాకు రాయండి. చెవికి చెయ్యి అడ్డం పెడితే మంచి మిషనైనా కూస్తుంది, అది చెడిపోయినట్టు కాదు. అప్పటికీ ఈల ఆగకపోతే బుడిపె చిన్నదై ఉండొచ్చు, పెద్దది మేమే పంపుతాం.’

అక్క అది చదివి మళ్లీ చెవి లాగింది. ఈసారి బుడిపె లోపలికి వెళ్లింది. చెయ్యి తీసింది. కీచుమన్న చప్పుడు రాలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతే ఆవిడ తల కిటికీ వైపు తిరిగింది.

ఆయన ముందుకు వంగి, అలవాటు చొప్పున నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, “అక్కా! వినపడుతోందా?” అని గావుకేక పెట్టాడు.

అక్క ఉలిక్కిపడి ఆయన చెయ్యి మీద ఒక్కటిచ్చింది. “ఎందుకురా అలా అరుస్తావు? ఎదురుగానే ఉన్నాగా, మామూలుగా చెప్పు.”