బిందేసరీ గ్లాసు

తెల్లవారుజాము అయిదు. పాత ఢిల్లీ మసాలా బజారు ఖారీ బావోలీ మీద జనవరి మంచు తడిసిన గోనెపట్టాలా పరుచుకుని ఉంది. బిందేసరీ కడుపులో నిన్న మధ్యాహ్నం తిన్న రెండు రొట్టెలు తప్ప ఏమీ లేదు. ఖాళీ కడుపుతో మిరపకాయల బస్తా మోస్తే ఒక కష్టముంది. తుమ్ము ఆగదు, తుమ్మినప్పుడల్లా డొక్కలు పట్టేస్తాయి. ఆ పొద్దు మూడో అంతస్తుకి తొమ్మిది బస్తాలు చేర్చేసరికి పదిహేడు తుమ్ములయ్యాయి. నలభై ఏడేళ్ల మనిషికి అది తక్కువేం కాదు.

అతను టీకొట్టు దగ్గర కూలబడ్డాడు. పక్కనే పెళ్లి వంటలకు సరుకు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన, ఎదురు కొట్టువాడితో కారం గురించి గొడవపడుతున్నాడు. బిందేసరీకి ఆ గొడవ అనవసరం. కానీ ఆకలి మనిషిని పరోపకారిని చేస్తుంది. లేచి, చిటికెడు కారం తీసి, తన నీళ్ల గ్లాసులో చల్లాడు. నీటి మీద నుంచి ఎర్రటి గీతలు దారాల్లా కిందికి జారాయి. అడుగున ఏదో గరుకుగా పేరుకుంది. నీళ్లు ఒంపేసి దాన్ని వేళ్ల మధ్య నలిపి చూపించాడు.

"ఇది ఇటుక పొడి. ఆ గీతలు రంగు. మిరపకాయ అలా కారిపోదు బాబూ."

చదువు మూడో తరగతితో ఆగిన మనిషి నోట్లోంచి వచ్చిన ఆ మాటకు జనం నోళ్లు తెరిచారు. పెద్దాయన ఆరు పూరీలు పెట్టించాడు. బిందేసరీ విద్వత్తు ఆరు పూరీలతో మొదలైంది.

మసాలా బజారులో సరుకు కంటే వేగంగా అమ్ముడుపోయేది నమ్మకం. అది అందరికన్నా ముందు పసిగట్టినవాడు లాలా బనవారీలాల్. అతనికి మెట్ల పక్కన పెద్ద దుకాణం ఉంది.

"ఏరా బిందేసరీ, వీపు మీద బస్తా మోసేవాడు గాడిద. నెత్తిలో తెలివి మోసేవాడు పండితుడు. నువ్వేమవుతావో చెప్పు," అన్నాడు లాలా.

"కూర్చోబెడితే ఏదైనా అవుతాను లాలాజీ."

అలా అతను గల్లా పక్కన పీట మీద కూర్చున్నాడు. ముందు ఒక గాజు గ్లాసు, వెనక గోడకు 'బిందేసరీ గ్లాసు పరీక్షలో నెగ్గిన సరుకు' అన్న బోర్డు. కుంకుమపువ్వు రేకు వేసి చూపించేవాడు. మొక్కజొన్న పీచుకు రంగు పూసింది నీళ్లు తాకగానే గబగబా రంగు వదిలి పాలిపోయేది. అసలుది నిమ్మళంగా పావుగంటకు పసుపు పచ్చ దించేది, రేకు మాత్రం ఎర్రగానే ఉండేది. జనం ఆ పావుగంటా నిలబడేవారు. ఆ లోపల లాలా వాళ్లకి జీడిపప్పు కూడా అమ్మేవాడు.

"పసుపు పొడి కొనకండి, కొమ్ము కొనండి. కొమ్మును ఎవరు కల్తీ చేస్తారు?" ఇది బిందేసరీ రోజుకి వందసార్లు చెప్పే మాట.

మోతగాళ్లు మాత్రం అతన్ని వదిలిపెట్టలేదు. జోఖన్ అనే పాత జతగాడు మెట్లు దిగుతూ అనేవాడు: "డాక్టర్ సాబ్, నా నాడి చూసి చెప్పు, నాలో ఎంత ఇటుక పొడి కలిసిందో."

ఒకరోజు అదే జోఖన్ తన తువ్వాలు అతని ముందు పడేశాడు. మెడ వైపు నిండా పసుపు.

"మూడుసార్లు ఉతికానురా. వారంపాటు మేడ మీద ఎండలో వేశాను. పోవట్లేదు. మనం మోసిన పసుపు ఎండకి పారిపోయేది గుర్తుందా? సబ్బు తగిలితే ఎర్రబడి, ఎండ తగిలితే మాయమయ్యేది. ఇదేంటి, అప్పిచ్చినవాడిలా పట్టుకుంది?"

"ఏ బస్తాలవి?"

"మీ లాలావే. కొత్త మెరుపు కొమ్ములు. మూడో అంతస్తువి."

బిందేసరీ ఒక మెరుపు కొమ్ము తెచ్చి గ్లాసులో వేశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. "గ్లాసు బాగుందంటోంది. నువ్వు సబ్బు మార్చు," అన్నాడు.

జోఖన్ తువ్వాలు భుజాన వేసుకుని పోయాడు. బిందేసరీ పీట మీదే ఉన్నాడు.

నాలుగు నెలల తర్వాత మెహ్రూనిసా వచ్చింది. బల్లీమారాన్ సందులో మసాలా పొట్లాలు కట్టి, తన పేరు మీద అమ్ముకునే విధవరాలు. రెండేళ్లుగా బిందేసరీ మాట మీదే పసుపు కొమ్ములు కొని దంచుతోంది. ఒక స్కూలు వంటశాలకి ఏడాదిపాటు పసుపు, కారం వేసే పని దొరకబోతోందని, అది దొరికితే రోలు వదిలి మర కొనుక్కుంటానని అతనికి ముందే చెప్పింది. ఇవాళ ఆమె చేతిలో కాగితం ఉంది.

"భాయ్, స్కూలు వాళ్లు ల్యాబు కాగితం అడిగారు. మా బిందేసరీ గ్లాసుంది కదా అన్నాను. నవ్వారు. సరే, డబ్బు కట్టి పరీక్ష చేయించాను. కారం బాగుంది. పసుపులో సీసం ఉందట. ఉండొచ్చన్న దానికి ఏడు రెట్లు. ఆ పని పోయింది. అది పోనీ, ఎన్నాళ్ల నుంచో తెలియదు, సందులో పిల్లలందరికీ దాన్ని నా చేతులతో పోశాను."

"అక్కా, అది కొమ్ము కదా..." అతను కంగారుగా కొమ్మును గ్లాసులో ముంచాడు. "చూడు, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో!"

"ల్యాబు అమ్మాయికీ ఇదే చెప్పాను. కొమ్ము మెరవడానికి సీసం ఉన్న పసుపుపచ్చ రంగు పూస్తారట. అది నీళ్లలో కరగదు. పొడి చేస్తే పసుపుతో కలిసి అడుక్కి దిగుతుంది. మరీ ఎక్కువ పూస్తే నీళ్లకి అంటుకుంటుందేమో, కొంచెమైతే కంటికి దొరకదు. కారంలో కూడా నూనెలో కరిగే రంగు కలిపితే నీ నీళ్లకి తెలియదంది. గ్లాసు దొంగని పట్టుకోగలదట, దొరకనివాడు దొర అని మాత్రం చెప్పలేదట."

లాలా గల్లా మీద నుంచి వంగి, ఎంతో బాధపడ్డాడు. "అమ్మా, నేను అమ్మింది కొమ్ము. బాగుందన్న మాట వాడిది. మాటకి నేను బిల్లివ్వలేదు కదా!"

బిందేసరీ బోర్డు వైపు చూశాడు. దాని మీద లాలా పేరు ఎక్కడా లేదు. రెండేళ్లలో ఆ సంగతి అతని కంట పడలేదు.

"నీ తప్పేం లేదు భాయ్, నీకు తెలియదు కదా," అంది మెహ్రూనిసా వెళుతూ.

ఆ మాటే అతన్ని ఎక్కువ కోసింది. తెలుసు. ఇరవై రెండేళ్లు పసుపు బస్తాలు మోసిన మెడకి తెలుసు. జోఖన్ తువ్వాలు తెచ్చి ముందు పడేసినా, పీట దిగడం ఇష్టంలేక గ్లాసుని అడిగాడు.

మెహ్రూనిసా ఊరుకోలేదు. ఆ కాగితం పట్టుకుని ఫిర్యాదు చేసింది. పది రోజులకి తిండి సరుకులు తనిఖీ చేసే అధికారి వచ్చాడు. ఆ సంగతి లాలాకి ముందురోజే ఎలా తెలిసిందో! మెరుపు కొమ్ములన్నీ పై అంతస్తుకి ఎక్కాయి. కొట్టు ముందర మట్టిరంగులో మెరుపు లేని కొమ్ములు నిలబడ్డాయి. అవి నిజంగా మంచివి. లాలా ఇంట్లో వాడేవి అవే.

"తీసుకోండి సార్, ఏ బస్తాలోంచైనా తీసుకోండి," అని లాలా చేతులు చాచాడు. "బిందేసరీ, సార్‌కి గ్లాసు చూపించరా!"

అధికారి నాలుగు సీసాలు, లక్క, దారం బయటికి తీశాడు. ముందున్న బస్తాలో చెయ్యి పెట్టబోయాడు. మెహ్రూనిసా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఈ కొమ్ములు ల్యాబుకి వెళితే ఆమె కాగితం అబద్ధమవుతుంది.

బిందేసరీ పీట మీద నుంచి లేచాడు. మెట్ల దగ్గర జోఖన్ భుజం మీదున్న తువ్వాలు లాక్కుని మెడకి చుట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?" అని అరిచాడు లాలా.

అతను పైకి పోయాడు, అధికారి చెయ్యి ఆపి మెట్ల వైపు చూశాడు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. రెండేళ్ల తర్వాత ఎత్తిన మొదటి బస్తా. బిందేసరీ దాన్ని అధికారి కాళ్ల ముందు దించి, కుట్టు విప్పాడు. మెరుపు కొమ్ములు గలగలా దొర్లాయి.

"ఇవి అమ్మకానివి కావు సార్..." లాలా మొదలుపెట్టాడు. అధికారి చెయ్యి అప్పటికే ఆ బస్తాలోకి వెళ్లింది. మెహ్రూనిసా గుమ్మం దాటి లోపలికొచ్చింది.

బిందేసరీ తువ్వాలు విప్పి జోఖన్ భుజం మీద వేశాడు. గ్లాసు వైపు చూడలేదు, మెహ్రూనిసా వైపూ చూడలేదు. చేతులకంటిన పసుపుని లుంగీకి తుడుచుకుంటూ బండ్ల మధ్యలో కలిసిపోయాడు. వెనక నుంచి లాలా అతన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.