ఎర్ర సున్నా

గోదాములో గుమస్తాగా చేసే మా అక్కయ్య, లారీ దాని సీలు పోగొట్టుకుందని హడావిడిగా ఇంగ్లీషులో మెసేజ్ పెట్టింది. ‘దాని’ అనే అర్థంలో ‘ఇట్స్’ రాస్తే అపాస్ట్రఫీ, అంటే అక్షరాల మధ్య పైన పెట్టే చిన్న కామా, ఉండకూడదు. ‘ఇట్ ఈజ్’ని కుదిస్తేనే ఉండాలి. ఆమె పెట్టేసింది. సూపర్‌వైజరు ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా గీసి నలభైమంది ఉన్న గ్రూపులో పడేశాడు. “ఐదో తరగతి పిల్లలు నయం” అని కింద రాశాడు.

ఆమె వారం రోజులు భోజనాల వేళ ఆ నియమాలన్నీ నేర్చుకుంది. ఆ ఐదో తరగతి మాటను మాత్రం మనసులో పెట్టుకుంది.

మూడు నెలల తర్వాత ఆయనే ఆమెకు మెసేజ్ పెట్టాడు. డ్రైవర్లు ఇక్కడ ఆగాలని గేటు బోర్డుకి రాసిన ఇంగ్లీషు వాక్యం అది. బహువచనానికి అపాస్ట్రఫీ అక్కర్లేదు. ఆయన ‘డ్రైవర్స్’లో ఎస్‌కి ముందు ఒకటి తగిలించాడు.

“చూసి చెప్పమ్మా, పెయింటరు వచ్చి కూర్చున్నాడు.”

“బ్రహ్మాండంగా ఉంది సార్.”

బోర్డు మీద అడుగెత్తు అక్షరాల రంగు ఆరేదాకా ఆగింది. తర్వాత ఫోటో తీసి, ఎర్ర సున్నా చుట్టి, అదే గ్రూపులో పెట్టింది.

ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. “నువ్వే కదా బాగుందన్నావు?”

ఆమె రిజిస్టరులోంచి తలెత్తలేదు.

“ఐదో తరగతి పిల్లల్ని అడగాల్సింది సార్.”