విండోస్ ఎక్కడికీ పోలేదు

నర్సీపట్నంలో నేను సీ లాంగ్వేజ్ నేర్పిన కంప్యూటర్ సెంటర్ ఓనరు గారికి లినక్స్ అంటే భయం. "అదెక్కిస్తే విండోస్ పోద్దమ్మా, ఒద్దు," అనేవారు. నాకు ఒళ్లు మండింది. లినక్స్ కమాండ్లని విండోస్‌లోనే నడిపే సిగ్విన్ అనే సాఫ్ట్‌వేర్‌ని సీడీలో తెచ్చి, ఒక ఫోల్డర్‌లో వేశాను. సీ కంపైలర్ కోసం జీసీసీ అని కొడితే అలాంటి కమాండ్ లేదంది.

"సెప్పాను కదా," అన్నారాయన వెనక నిలబడి.

తప్పు నాదే. సెటప్‌లో నెక్స్ట్ మీద నెక్స్ట్ నొక్కుకుంటూ పోయాను. కంపైలర్‌ని మనమే వెతికి ఎంచుకోవాలి. ఆయన ముందే సెటప్ మళ్లీ నడిపి ఎంచుకున్నాను. ప్రోగ్రాం కంపైలైంది, నడిచింది.

"మరి విండోసేదమ్మా?"

సిగ్విన్ నల్లటి విండో కిందకి దించాను. డెస్క్‌టాప్ మీద ఆయన పెట్టుకున్న చర్చి ఫోటో అలాగే ఉంది.

"ఇక్కడే ఉందండీ. రేపు మిగతా సిస్టమ్‌లలోనూ వేస్తాను. అడగడం లేదు, చెబుతున్నాను."