సత్రం వాకిలి మీది గార

వేప్పనపల్లి చుట్టుపక్కల కొత్త ఇల్లు కట్టిన ప్రతివాడూ తిమ్మక్క నోటికి భయపడేవాడు. గృహప్రవేశానికి పిలిస్తే అన్నం తినేముందు వెళ్లి గోడ తట్టి చూసేది. "సిమెంటు బాగానే పూసినారప్పా, గోడకి ఊపిరే ఆడదు," అనేసి తీరిగ్గా ఆకు ముందు కూర్చునేది. పిలిచినవాళ్లకు ముద్ద దిగేది కాదు. అయినా పిలవడం మానలేదు. ఆమె మెచ్చుకునే గోడ తమదే కావాలని అందరికీ లోలోపల ఆశ.

గోడలకు సున్నపు గార పూసే పని ఆమెకు తల్లి వరమ్మ నుంచి వచ్చింది. కృష్ణగిరి సీమలో సున్నం పని ఎక్కడుంటే అక్కడికి ఆ సంసారం తరలిపోయేది. కాల్చిన సున్నపురాయిని తొట్టిలో పోసి నీళ్లు వదిలితే కుతకుతా ఉడికేది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. అది వారాల తరబడి నాని వెన్నలా అయ్యాక, ఇసుకతో కలిపి గానుగలో వేసేవారు. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రాతిచక్రం దాన్ని నూరేది. అందులో పోసే కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ల పులిసిన వాసన ఆడవాళ్ల చీరలకు పట్టేసి ఉతికినా వదిలేది కాదు. తిమ్మక్కకు అమ్మ అంటే మొదట గుర్తొచ్చేది ఆ వాసనే.

తర్వాత సిమెంటు వచ్చింది, గానుగ ఆగింది. తొంభైల్లో హోసూరులో ఫ్యాక్టరీలు లేస్తుంటే తిమ్మక్క కూడా బస్సెక్కి వెళ్లి జూజువాడి దాకా సిమెంటు తట్టలు మోసింది. పొద్దున కలిపితే సాయంత్రానికి రాయైపోయే ఆ సరుకు మీద ఆమెకు ఎన్నడూ ప్రేమ కలగలేదు. కడుపు కోసం మోసింది, అంతే.

రెండువేల నాలుగులో ఒకరోజు శ్రీరంగప్ప మేస్త్రి తిమ్మక్క ఇంటికి వచ్చాడు. "కుప్పం దారిలో పాత సత్రం బాగుచేస్తా ఉండారు తిమ్మక్కా. పాతదాని మాదిరే సున్నంతోనే చేయాలంట. గార తెలిసినోళ్లు యాడ దొరుకుతారు? నువ్వే రావాల," అన్నాడు.

ఆమె అప్పుడు చింతపండు పిసుకుతోంది. చెయ్యి కడుక్కుని చెప్పులేసుకుంది. పులుసు సంగతి ఇంట్లోవాళ్లే చూసుకున్నారు.

సత్రం అనేసరికి ఆమెకు కాళ్లు ఆగకపోవడానికి కారణముంది. పెద్దవాకిలికి చెక్కిన రాతి ద్వారబంధం ఉంది. పైన అడ్డరాతి మీద తీగ, తీగ మీద చిలుకల వరుస. ఆ అడ్డరాయికి పైనున్న గోడకు, తిమ్మక్క పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, వరమ్మ గార పూసింది. ఆ తర్వాత వరమ్మ ఎక్కువ కాలం బతకలేదు. ఆమె పూసిన మిగతా గోడలన్నీ ఒక్కొక్కటే కూలిపోయాయి. మిగిలింది ఆ వాకిలి మీది గార ఒక్కటే.

పని చూసుకునేది త్రివేణి. నెల్లూరు నుంచి వచ్చి హోసూరులో ఉద్యోగం చేసే ఇంజనీరు. పిల్ల నెమ్మది, పని గట్టి. మొదటి రోజే అందరికీ ఒక మాట చెప్పింది. "బాగున్న పాత గారను ముట్టుకోవద్దు. తట్టి చూడండి. గట్టిగా పలికితే వదిలేయండి. డొల్లగా మోగితే బొగ్గుతో గీత గీయండి, అంతవరకే తీద్దాం."

ఈ మాటకు తిమ్మక్క ఆమెను వెంటనే కూతుర్ని చేసేసుకుంది.

దక్షిణపు గోడ పని చకచకా సాగింది. తిమ్మక్క చెవి పెట్టి తట్టింది, బొగ్గు గీసింది, పూసింది. కొత్త అతుకు తెల్లగా పళ్లికిలించకుండా ఎర్రమన్ను, కాస్త మసి కలిపిన పల్చటి సున్నపునీళ్లు పొర మీద పొర వేశారు. తడిలో ముదురుగా కనిపించే రంగు ఆరితే పాలిపోతుంది కాబట్టి, ముందు పెంకు మీద వేసి, ఎండబెట్టి చూసేవారు. దూరం నుంచి గోడంతా ఒకే ఈడుగా కనిపించాలి, దగ్గరికొచ్చి చూసినవాడికి కొత్తదేదో తెలియాలి. అది త్రివేణి పట్టుదల. మరోపక్క శ్రీరంగప్ప మనుషులు చిలుకల మీద పేరుకున్న వెల్ల పొరలను తడిపి వెదురు పుల్లలతో గీకుతున్నారు. రోజుకో ముక్కు, రోజుకో రెక్క బయటపడేది.

చివరికి పెద్దవాకిలి వంతు వచ్చింది. తిమ్మక్క పరంజా ఎక్కి అమ్మ గార మీద తాపీ పిడితో తట్టింది. డొల్లగా మోగింది. పక్కన తట్టింది. అదే మోత. పైన పిట్టగోడకు ఎవరో ఎప్పుడో సిమెంటు మెత్తారు. దిగిన నీరు బయటికి పోయే దారి లేక వెనకే నిలిచి, పై పొరను కింది పొర నుంచి విడదీసింది. మధ్యలో ఉబ్బు కూడా కనిపిస్తోంది. బొగ్గు చేతిలోనే ఉంది. గీయలేదు. దిగి వచ్చేసింది.

"ఎలా ఉంది తిమ్మక్కా?" అని అడిగింది త్రివేణి.

"గట్టిగానే ఉంది."

త్రివేణి తలూపి వెళ్లిపోయింది. తిమ్మక్క చెవిని అంతగా నమ్మింది. అదే తిమ్మక్కను కుదురుగా ఉండనివ్వలేదు. ఇంటికి పోయి తిన్నది ఒంటబట్టలేదు. అమ్మ గార తీసేస్తే ఈ లోకంలో అమ్మ చేతి పని ఇంకేమీ మిగలదు. తీయకపోతే రేపు వానకు ఆ ఉబ్బు ఊడి చిలుకల మీద పడుతుంది. గీకి గీకి బయటికి తెచ్చిన ముక్కులు విరుగుతాయి, కింద మనిషుంటే తల పగులుతుంది. అమ్మే ఉంటే ఏమనేదో ఆమెకు బాగా తెలుసు. వీపు మీద ఒకటి వేసి, ఎక్కి గీయమనేది.

పొద్దున్నే వచ్చి త్రివేణి ముందు నిలబడింది. "నిన్న అబద్ధం చెప్పినాను తల్లీ. అది డొల్ల. మా అమ్మ పూసింది, చెయ్యి రాలేదు."

త్రివేణి తలెత్తి వాకిలి పైకి చూసింది. "ఉబ్బకపోతే వెనక సున్నపుపాలు పోసి అతికించేవాళ్లం," అంది మెల్లగా. "ఉబ్బింది కదా. వేరేవాళ్ల చేత తీయించనా?"

"వద్దు. నేనే తీస్తాను."

చిలుకల మీద గోనెపట్టలు కప్పించి, అంచు నుంచి తాపీ దూర్చి ఊపింది. పై పొర పెద్ద పెచ్చుగా చేతుల్లోకి వచ్చింది. దాన్ని బిడ్డను దించినట్టు కిందికి అందించి తలెత్తి చూసింది.

కింది పొర చెక్కుచెదరలేదు. దాని నిండా వేళ్ల గీతలు. పై పొర పట్టు దొరికేందుకు, తడి ఆరకముందే వేళ్లతో గీసిన చాళ్లు. ఆ రోజుల్లో పై పొర ఎవరు తీర్చినా, కింది పొర పని ఆడవాళ్లదే. ఈ చాళ్లన్నీ కుడి నుంచి ఎడమకు కాక, ఎడమ నుంచి కుడికి వాలుగా దిగాయి. వరమ్మది పుర్రచెయ్యి. ఆ జట్టులో ఇంకెవరికీ కాదు.

తిమ్మక్క తన ఎడమచేతి వేళ్లు ఆ చాళ్లలో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. ఈ గీతలు గీసిననాటికి అమ్మకు ముప్పై కూడా ఉండవు, ఇప్పటి తనకంటే ఎంతో చిన్నది. పరంజా మీద కూర్చుని చంటిపిల్లలా ఏడ్చింది. కింద శ్రీరంగప్ప తలవంచుకుని ఇసుక జల్లిస్తూ ఉండిపోయాడు.

త్రివేణి పైకెక్కి వచ్చి చూసింది. "ఇంత మేర పూయకుండా వదిలేద్దాం తిమ్మక్కా. వచ్చినవాళ్లు చూస్తారు. మీరూ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు."

తిమ్మక్క మనసు ఒక్క క్షణం అటే లాగింది. ఆశగా ఆ గీతల వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇవి చూసేదానికి గీసినవి కాదు తల్లీ. పైదాన్ని పట్టుకునేదానికి గీసింది మా అమ్మ. ఊరికే వదిలేస్తే వానకి అరిగిపోతాయి."

గోడ మీది దుమ్ము కుంచెతో దులిపింది. నీళ్లు చల్లి, గోడ తాగినంత తాగనిచ్చింది. పల్చటి సున్నం అద్దింది. నూరిన గార ముద్ద తీసుకుని, తాపీ పక్కన పెట్టి, ఎడమచేతి వేళ్లతోనే ఒక్కొక్క చాలులోకి అదిమింది. అదుముతూ ఎంతసేపో అలాగే పట్టుకుని నిలబడింది. పడిపోతుందేమోనని భయం. చివరికి మెల్లగా చెయ్యి తీసింది.

గార జారలేదు. అమ్మ పట్టుకుంది.