చక్కెర మనిషికి బెల్లం నీళ్లు

మా మామకు చక్కెర జబ్బు. ఆయన్ని బళ్లారి ఆసుపత్రికి తీసుకుపోయేది కోడలినైన నేనే. మాత్రలు రాసేముందు డాక్టరు "తాగుతావా?" అని అడిగితే మామ "రామ రామ" అన్నాడు. మద్యనిషేధం ఉన్న రోజులు. నాటుసారాయి తాగే వాళ్లందరూ ఆ మాటే అనేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. మాత్ర వేసుకుని తిండి మానొద్దని, చెమటలు, వణుకు వస్తే వెంటనే తీపి ఇవ్వాలని డాక్టరు చెప్పిన మాట నేను చెవిన వేసుకున్నాను.

యశ్వంతనగర్ గని నుంచి ఇనుపరాయి తోలడానికి మావాళ్లు పాత లారీ ఒకటి కొన్నారు. అమావాస్య నాడు మా ఊరు మోకలో, మా కళ్లంలోనే లారీకి పూజ. పొట్టేలు తెగేదాకా ఇంటిపెద్ద ఏమీ తినకూడదు. మాత్ర తిండి కాదు గదా అని మామ అది మాత్రం వేసుకున్నాడు. పూజ మధ్యాహ్నం దాటింది. కూర ఉడికేలోపు మామతో సహా మగవాళ్లు లారీ చాటుకు పోయి సారాయి తాగి వచ్చారు.

కాసేపటికి మామ మాట తడబడింది. చొక్కా తడిసిపోయింది.

"ఎక్కిండాది, పండుకోబెట్టండప్పా" అని తక్కిన మగవాళ్లు నవ్వారు. మా బావ నిమ్మకాయ నీళ్లు తెప్పించి, చక్కెర వేయొద్దని గట్టిగా చెప్పాడు. జబ్బు మనిషి గదా, పాపం!

నేను చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది, వణుకుతోంది. వంటింట్లోకి పోయి బెల్లం చిక్కగా కలిపి తెచ్చాను.

బావ అడ్డం వచ్చాడు. "చంపుతావా ఏంది? చక్కెర జబ్బోనికి బెల్లమా?"

"జరుగు బావా. డాక్టరు చెప్పినాడు. ఏమన్నా అయితే నన్ననండి."

మామకు ఇంకా స్పృహ ఉంది, గుటక వేస్తున్నాడు. లేపి కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా తాగించాను. కళ్లు తేటపడ్డాయి. అయినా నేను ఊరుకోలేదు. పూలదండ వేసిన ఆ లారీలోనే బళ్లారికి తీసుకుపోయాం.

"తాగినాడా?" అన్నాడు డాక్టరు.

"లేదు సార్, ఉపవాసం" అన్నాడు బావ.

"తాగినాడు సార్. సారాయి. ఖాళీ కడుపున, మాత్ర మింద" అన్నాను. బావ నన్ను కొరికేసేలా చూశాడు. చూసుకోనీ!

ఎక్కడ దొరికిందని డాక్టరు అడగలేదు. నరానికి గ్లూకోజు పెట్టించాడు. "తిండి లేనప్పుడు ఒంట్లో దాచుకున్న చక్కెరను లివరు వదుల్తుంది. సారాయి దాన్ని ఆపేస్తుంది. మాత్రేమో ఉన్నదాన్ని దించేస్తుంది. మాత్ర పని ఇంకా అయిపోలేదు, మళ్లీ పడిపోవచ్చు. రేపటిదాకా ఈడే ఉండనీ. తాగినాడని చెప్పకపోయుంటే ఇప్పుడే ఇంటికి పంపేసుందును" అన్నాడు.



మరునాడు మామ నా వైపు చూడకుండా అన్నాడు: "అందరి ముందరా నా పరువు తీస్తివి గదమ్మా."

"తీస్తిని మామా. అడగడానికి నువ్వుండావు గదా" అన్నాను. ఇడ్లీ పొట్లం విప్పి చేతిలో పెట్టాను. తిన్నాకే మాత్ర సంగతి డాక్టరును అడుగుదామన్నాను.