రత్నకుమార్ గారు ఆగి చూసుకున్న లెక్క

యూనివర్సిటీ క్యాంపస్‌లోని బి.ఎడ్. కాలేజీలో రత్నకుమార్ గారు పద్దెనిమిదేళ్లుగా ఒకే పాఠాన్ని ఒకే నోట్సులోంచి చెబుతున్నారు. లెక్క చేసేవాడు ముందు దారి ఆలోచించుకోవాలి, చేస్తూ ఆ దారి సరిగ్గా ఉందా అని గమనించుకోవాలి, చేశాక జవాబును సరిచూసుకోవాలి. దాని పేరు మెటాకాగ్నిషన్. స్పెల్లింగు తప్పితే అరమార్కు కోత. ఆయనకు మాత్రం తన ఆలోచనను గమనించుకోవలసిన అవసరం ఎన్నడూ పడలేదు. గోల్డ్ మెడలిస్టు కదా.

ఆ రోజు తార్నాకలోని ఒక బడిలో, ఆయన విద్యార్థి దివాకర్ ఏడో తరగతికి ప్రాక్టీసు పాఠం చెబుతున్నాడు. మార్కుల కాగితంతో రత్నకుమార్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు.

బోర్డు మీద ఒకే లెక్క. పన్నెండు మీటర్ల పైపును మీటరు ముక్కలుగా కోయాలి, ఒక్కో కోతకు ఐదు నిమిషాలు, మొత్తం ఎంతసేపు?

"పెన్నులు కింద పెట్టుండ్రి," అన్నాడు దివాకర్. "ఏం అడుగుతున్రు? ఎట్ల చేద్దామనుకుంటున్రు? పక్కోళ్లకు చెప్పుండ్రి."

పావుగంట గడిచినా బోర్డెక్కిన అంకె లేదు. రత్నకుమార్ గారు ఇక ఆగలేక లేచారు.

"ఏమయ్యా, పీరియడంతా కబుర్లేనా? చూడండి పిల్లలూ." పన్నెండైదులు అరవై అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు.

రెండో బెంచీలోంచి హరిచందన లేచింది. "సార్, ఆన్సర్ రాసినోళ్లు చెక్ చేసి చూపియ్యాలె. మా సార్ రూల్."

"పన్నెండైదులు అరవై కాదా?"

"అరవయ్యే సార్. కానీ పన్నెండు ఏందివి?"

"ముక్కలు!"

"ఐదు నిమిషాలు కోతకు కదా సార్. రెండు మీటర్ల పైపుతో చూడుండ్రి."

ఆ చిన్నపిల్ల సరదా తీర్చడానికే ఆయన పైపు గీసి, నడుమ ఒక గీత కొట్టారు. రెండు ముక్కలు. ఒకే కోత. సుద్దముక్క ఆగిపోయింది. మూడు మీటర్లకు రెండు కోతలు. దివాకర్ ఉన్నట్టుండి కిటికీ బయట ఏదో ముఖ్యమైనది చూడసాగాడు.

"పదకొండు కోతలు... యాభై ఐదు నిమిషాలు," అన్నారాయన గొంతు సవరించుకుని. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందులో వెటకారం లేదు, నిజంగానే సంతోషించారు. అదే ఆయనను ఎక్కువ నొప్పించింది.

బయటికొచ్చాక అడిగారు, "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"మీ క్లాసుల్నే సార్. యూనిట్ త్రీ, మెటాకాగ్నిషన్."

మరుసటి వారం కాలేజీలో తన క్లాసుకు వెళ్లి రత్నకుమార్ గారు నోట్సు మూసేసి, తాను మునుపు చూడని లెక్కొకటి తీసుకుని, పైకి ఆలోచిస్తూ బోర్డు మీద మొదలుపెట్టారు. సగంలో ఆగారు. "ఈ దారి కుదరడం లేదు. ఎక్కడ పొరపడ్డానో వెనక్కి వెళ్లి చూద్దాం."

గదిలో పెన్నులన్నీ గాల్లో ఆగాయి. ముందు వరుసలో సుధామయి చెయ్యెత్తింది.

"సార్, తప్పు కూడా రాసుకోవాలా? పరీక్షకు వస్తుందా?"

"అదొక్కటే వస్తుందమ్మా," అన్నారాయన, డస్టరు పక్కన పెడుతూ.