సర్వపిండి, ఎనిమిదో నంబరు

సూరత్‌లోని డిండోలిలో ఉండే తెలుగు ఆడవాళ్లం కలిసి వంటల పుస్తకం ఒకటి అచ్చు వేయించాలనుకున్నాం. ఇంటికో వంట, వంటకో పేజీ. పైన కావలసినవి, కింద నంబర్లు వేసి చేసే పద్ధతి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు కూడా చదివి చేసుకోగలగాలని షరతు. మా వంతుకు సర్వపిండి వచ్చింది, గిన్నెలోనే ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె. చెప్పేది మా అత్త, రాసేది నేను.

కాగితం పట్టుకుని కూర్చున్నాను. అత్త గొంతు సవరించుకుంది.

"మీ మామ కార్ఖానకెల్లి అప్పుడే వచ్చిండు, ఆకలి మీదున్నడు. డబ్బల బియ్యప్పిండి ఉంటే ఇంత తీస్కున్న. నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు. పిండి తడిపి, గిన్నెకు నూనె రాసి ఒత్తిన. ఏలుతోని బొక్కలు పెట్టి, అండ్ల నూనె పోసి, మూత పెట్టిన. అది కాలినంక తీసి, గిన్నె బోర్లేసి, పక్కింటామెతోని జర ముచ్చట పెట్టొచ్చి రెండోది ఒత్తిన. ఆమెకు ఆ దినం కోడలితోని లొల్లి అయ్యింది. ఎందుకంటవా... అయ్యో, శెనగపప్పు చెప్పలే! అది ముందుగాలనే నానేసిన."

నాకు ఒళ్లు మండింది. చివర చెప్పిన శెనగపప్పును మొదటి నంబరుకు తెచ్చాను. "ఇంత" అంటే ఎంతో తేలక, అత్త చేత డబ్బాలోంచి తీయించి, ఆ పిడికిలిని గాల్లోనే పట్టుకుని గ్లాసులోకి, చెంచాల్లోకి దులిపించి కొలిచాను. మామయ్య ఆకలిని కొట్టేశాను. పక్కింటామెను, ఆమె కోడలిని, వాళ్ల లొల్లిని ఒక్క గీతతో పేజీ దాటించాను. మిగిలింది ఏడు నంబర్లు. ఎంత ముచ్చటగా ఉందో! నన్ను నేనే మెచ్చుకున్నాను.

"నా ముచ్చటంత ఏడ వోయింది?" అంది అత్త.

"అది కథ అత్తమ్మా, వంట కాదు."

అచ్చుకు ఇచ్చే ముందు పరీక్ష పెట్టాలి. చేసేది మా అమ్మాయి. కాలేజీ చదువుతోంది, సర్వపిండి తినడమే తప్ప చేసి ఎరగదు. చేతిలో కాగితం ఒక్కటే ఆధారం, మేమిద్దరం నోరు విప్పకూడదు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని పీట మీద కూర్చుంది. పాపం, ఆవిడకు అంత కష్టం ఎప్పుడూ వచ్చి ఉండదు.

మొదటిది అద్భుతంగా వచ్చింది. అడుగంతా ఎర్రగా, కరకరలాడుతూ, అంచులు వాటంతటవే లేచాయి. అత్త కళ్లతోనే నవ్వింది. అమ్మాయి రెండో ముద్ద తీసుకుని, పొగలు కక్కుతున్న అదే గిన్నెలో ఒత్తబోయింది.

"అరే బాప్‌రే!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ముద్ద పెట్టిన చోటే అతుక్కుపోయింది. పల్చగా పరుచుకోదు, ఊడి రాదు. గీకితే ముక్కలొచ్చాయి.

అత్త నోట్లోంచి కొంగు తీసేసింది. "గిట్లనే అచ్చేస్తవా? డిండోలిల ఆడోళ్లందరు చేతులు కాల్చుకొని నన్ను తిడ్తరు. నా వంట పేరు పోతది!"

"చల్లని గిన్నెలోనే ఒత్తాలని చెప్పలేదేం?" అన్నాను.

"చెప్పిన గదా! బోర్లేసి ముచ్చట పెట్టొచ్చిన అని. అండ్లనే గిన్నె సల్లారింది."

నేను గీత కొట్టింది పక్కింటామెను కాదు, ఎనిమిదో నంబరును. వెంటనే రాశాను: "8. గిన్నె బోర్లించి, పూర్తిగా చల్లారేదాకా ఆగండి. మళ్లీ నూనె రాసి రెండోది ఒత్తండి."

అత్త చదివించుకుని పెదవి విరిచింది. "ఆగి ఏం జెయ్యాలె?"

"ఏం చేయక్కర్లేదు."

"ఉత్తగ ఎవ్వలు ఆగుతరు? పొల్ల ఆగిందా?"

"ఈలోగా పక్కింటామెతో కాసేపు ముచ్చట పెట్టి రండి" అని చేర్చాను. అమ్మాయి ఈసారి ముచ్చటకు బామ్మనే పట్టుకుంది. రెండోది మొదటిదానికన్నా బాగా వచ్చింది.

పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ ఊరికి అటు చివరున్న కోసాడ్‌కు పంపాం. అత్త చెప్పిన ఆ పక్కింటామె, కొడుక్కి అక్కడ ప్రభుత్వ ఇల్లొస్తే ఎప్పుడో వెళ్లిపోయింది. ఆమె వెళ్లినప్పటి నుంచి అత్త సర్వపిండి ఒక్కటే ఒత్తి పొయ్యి కట్టేస్తుంది. మోకాళ్ల నొప్పులేమో అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం అత్త మొదటిది తీసి గిన్నె బోర్లించే వేళకు ఫోన్ మోగింది. స్పీకర్లో ఆ పక్కింటామె గొంతు ఇల్లంతా వినిపించింది: "వదినా, నన్ను ఎనిమిదో నంబర్ల ఏసినవంట గదనే!"

గిన్నె చల్లారింది. నేను వెళ్లి చెప్పాను. అత్త ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని కసిరింది.

"ఇంకా సల్లారలే, పో."